జిల్లా పని భాగస్వామ్య రేటు: ఆరు నెలల గీతకు అటూ ఇటూ

భారత జనగణన దేశంలోని ప్రతి మనిషినీ, పొత్తిళ్లలోని బిడ్డతో సహా, పని విషయంలో మూడు గుంపుల్లో ఏదో ఒకదానిలో చేరుస్తుంది. గణనకు ముందటి 12 నెలల్లో ఆరు నెలలు గానీ అంతకు మించి గానీ పని చేసినవారు ప్రధాన శ్రామికులు. పని చేశారు గానీ ఆరు నెలలు నిండనివారు ఉపాంత శ్రామికులు. ఆ ఏడాదిలో ఏ పనీ చేయనివారు శ్రామికేతరులు. మొదటి రెండు గుంపులనూ కలిపి, ఆ మొత్తాన్ని జిల్లా జనాభాతో భాగించి వందతో గుణిస్తే ఆ జిల్లా పని భాగస్వామ్య రేటు వస్తుంది. జనగణన శాఖ విడుదల చేసే ప్రాథమిక సారాంశ పట్టికను కంప్యూటర్‌లో తెరిస్తే ఈ లెక్కకు కావలసిన గడులు ఈ పేర్లతో కనిపిస్తాయి:

```
WPR = (TOT_WORK_P / TOT_P) × 100
TOT_WORK_P = MAINWORK_P + MARGWORK_P
```

2011 లెక్కల ప్రకారం దేశం మొత్తానికి ఈ రేటు 39.8 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 46.6 శాతం. లెక్క వేయడం ఇంత తేలిక కావడం వల్లే చిక్కు వస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ జిల్లా ప్రణాళికల్లోనూ ఈ ఒక్క సంఖ్యే కనిపిస్తుంది, దాన్ని బట్టే ఫలానా జిల్లాలో పనులు బాగా ఉన్నాయనీ ఫలానా జిల్లాలో లేవనీ తీర్మానాలు జరిగిపోతుంటాయి. కానీ 360 రోజులు పని చేసినవారూ 20 రోజులు కలుపు తీసినవారూ ఆ సంఖ్యలో సమానంగా ఒక్కొక్కరుగానే లెక్కకు వస్తారు. అందుకే రేటును విడగొట్టకుండా చదివితే జిల్లా సంగతి తెలిసేది చాలా తక్కువ.

ముందు జనగణన దేన్ని పని అంటుందో చూడాలి. ఆర్థికంగా ఫలితం ఉండే ఏ పనైనా, శరీరంతో చేసినా బుద్ధితో చేసినా, దానికి కూలి, జీతం, లాభం ముట్టినా ముట్టకపోయినా పనే. ఇంటి పొలంలో, ఇంటి దుకాణంలో పైసా తీసుకోకుండా సాయం చేసినా పనే. పొలం గట్టున నిలబడి కూలీలతో చేయించడం కూడా పనే. సొంత తిండికి ధాన్యం పండించుకున్నా పనే. 2001 నుంచి ఇంటి వాడకానికి పాడి పశువును సాకి పాలు తీయడాన్ని కూడా ఇందులో చేర్చారు. స్టయిపెండ్ ఉన్నా లేకున్నా అప్రెంటిస్‌గా పని నేర్చుకుంటున్నవారు శ్రామికులే. ఇంటి వంట, నీళ్లు మోయడం, పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకోవడం మాత్రం ఈ నిర్వచనంలోకి రావు. అదే వంట మరొకరి ఇంట్లో జీతానికి చేస్తే ఆమె శ్రామికురాలు. తన ఇంట్లో పొద్దస్తమానం చేసినా శ్రామికేతరురాలే. ఆడవాళ్లకు సంబంధించిన ఏ అంకెను చదివేటప్పుడైనా ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి.

2011 కుటుంబ పట్టికలో అడిగిన ప్రశ్న ఇదే: గత ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా? జవాబుకు నాలుగు సంకేతాలు ఉన్నాయి. ఆరు నెలలు, అంతకు మించి పని చేస్తే 1. మూడు నెలలు దాటి ఆరు నెలలకు లోపైతే 2. మూడు నెలలకు లోపైతే 3. అసలు చేయకపోతే 4. ఉపాంత శ్రామికులను ఇలా రెండుగా విడదీయడం 2011లోనే మొదలైంది. అంతకు ముందు ఐదు నెలలు కష్టపడినవారూ ఐదు రోజులు వెళ్లినవారూ ఒకే గడిలో ఉండేవారు. రోజుల్లో చెప్పాలంటే ఆరు నెలల గీత 183 రోజుల దగ్గర పడుతుంది.

ఈ ప్రశ్న ఒక ఇంటి ముందు ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూస్తే తర్వాతి లెక్కలన్నీ తేలికవుతాయి. గోదావరి డెల్టాలో ఎకరంన్నర కౌలు చేసుకునే ఒక కుటుంబం ఉందనుకోవచ్చు. ఇంటాయన సొంత సాగు మీద నాలుగు నెలలు, ఊళ్లో కూలి పనులకు మూడు నెలలు వెళ్తాడు. విడివిడిగా చూస్తే ఏ పనీ ఆరు నెలలు నిండలేదు. కానీ జనగణన అన్ని పనుల రోజులనూ కలిపే చూస్తుంది. మొత్తం ఏడు నెలలు కాబట్టి ఆయన ప్రధాన శ్రామికుడు. ఎక్కువ కాలం సాగు మీద గడిపాడు కాబట్టి సాగుదారుల్లో చేరతాడు. భూమి తనది కాకపోయినా ఫరవాలేదు. డబ్బుకో, ధాన్యానికో, వాటాకో తీసుకుని సాగు చేసినా సాగుదారే. ఆ పొలాన్ని కౌలుకిచ్చి పట్నంలో ఉంటూ దాని మంచిచెడ్డలు పట్టించుకోని యజమాని మాత్రం సాగుదారు కాడు. ఆయనకు వేరే పని లేకపోతే కౌలు సొమ్ము మీద బతికే శ్రామికేతరుడు.

ఇక ఇంటావిడ వంతు.

“ఏం పని చేస్తారమ్మా?”

“నేనేం చేస్తానండీ, ఇంటిపట్టునే ఉంటాను.”

గణకుడు ఇక్కడ ఆగిపోతే సంకేతం 4 పడుతుంది. ఆమె శ్రామికేతరురాలు. ఆయన ఇంకొంచెం ఓపిక పట్టి, “ఊడుపులకు వెళ్తారా? కలుపు తీతకు?” అని అడిగితే బొమ్మ మారుతుంది. ఊడుపులు 25 రోజులు, కలుపు 20, కోతలూ కుప్పనూర్పులూ కలిపి 20, మినుము తీత 15, ఉపాధి హామీ పని 40. మొత్తం 120 రోజులు, అంటే నాలుగు నెలలు. సంకేతం 2. ఆమె ఉపాంత శ్రామికురాలు. “పాడి ఉందా? గేదెను ఎవరు చూసుకుంటారు?” అని కూడా అడిగితే, ఏడాది పొడవునా గడ్డి కోసుకొచ్చేదీ పాలు తీసేదీ ఆమేనని తేలుతుంది. అప్పుడు ఆరు నెలల గీత దాటి ప్రధాన శ్రామికురాలవుతుంది. మనిషి మారలేదు, పని మారలేదు, ఊరు మారలేదు. అడిగిన ప్రశ్నల సంఖ్యను బట్టి మూడు గడుల్లో ఏదైనా ఆమెది కావచ్చు. కాలేజీలో చదివే కొడుకు కోతల రోజుల్లో పది రోజులు పొలంలో చేస్తే, విద్యార్థి అయినా సరే సంకేతం 3. మంచానికే పరిమితమైన నాయనమ్మ సంకేతం 4.

ఇందువల్ల జిల్లా రేటులో నమ్మకంగా నిలబడే భాగం మగవారిది, ఊగిసలాడే భాగం ఆడవారిది. పాత జనగణనలు ఈ సంగతిని పెద్ద ఎత్తున రుజువు చేశాయి. 1961లో సీజన్ పనికి రోజుకు గంట దాటి, సీజన్‌లో ఎక్కువ కాలం చేస్తే చాలు, శ్రామికుల్లో చేర్చారు. దేశంలో ఆడవారి పని రేటు 28 శాతం దగ్గర నిలిచింది. 1971లో ప్రశ్నను మార్చి ముఖ్యమైన వ్యాపకం ఏమిటని అడిగారు. పొలం పని ఎంత చేసినా ఇంటి పనే ముఖ్యమని చెప్పిన కోట్ల మంది శ్రామికేతరుల్లోకి వెళ్లిపోయారు, రేటు సగానికి జారింది. ఆ పదేళ్లలో దేశంలో ఆడవాళ్లలో సగం మంది పని మానేయలేదు. మారింది ప్రశ్న. ఈ అనుభవంతోనే 1981లో ప్రధాన, ఉపాంత అనే విభజన తెచ్చారు. తక్కువ రోజులు పని చేసేవారిని లెక్కలోంచి జారిపోనివ్వకుండా, అలాగని ఏడాదంతా పని ఉన్నవారితో కలిపేయకుండా ఉంచడానికి అది దారి చూపింది. 1991లో పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేని పని కూడా పనేనని ప్రశ్నలోనే చేర్చారు. ఆడవారి రేటు 1981లో 19.7, 1991లో 22.3, 2001లో 25.6 శాతానికి చేరింది. ఈ పెరుగుదలలో ఎంత భాగం నిజంగా పని పెరగడం, ఎంత భాగం మెరుగ్గా అడగడం అనేది పట్టికల నుంచి విడదీయలేం. 1971ని పక్కన పెట్టి 1981తో పోల్చి, పని చేసే ఆడవాళ్లు పెరిగారని రాసే వ్యాసం తప్పుదారి పట్టిస్తుంది. 2001, 2011 నిర్వచనాలు దాదాపు ఒకటే కాబట్టి ఆ రెండింటి పోలికకే బలం ఎక్కువ.

ఆ పోలిక ఏం చెబుతుంది? 2001లో దేశంలో 40.22 కోట్ల మంది శ్రామికులు, 2011లో 48.17 కోట్లు. రేటు 39.1 నుంచి 39.8కి పెరిగింది. ఇంతవరకే చదివితే పరిస్థితి కాస్త మెరుగైందనిపిస్తుంది. విడగొడితే, ప్రధాన శ్రామికులు 31.3 కోట్ల నుంచి 36.24 కోట్లకు, ఉపాంత శ్రామికులు 8.92 కోట్ల నుంచి 11.93 కోట్లకు చేరారు. మొదటి గుంపు ఆరింట ఒక వంతు కూడా పెరగలేదు. రెండో గుంపు మూడింట ఒక వంతు పెరిగింది. పదేళ్లలో కొత్తగా చేరిన సుమారు 8 కోట్ల శ్రామికుల్లో 3 కోట్ల మంది ఏడాదిలో సగం రోజులు కూడా పని దొరకనివారే. రేటు పెరగడానికి వారి తోడు చాలా ఉంది.

ఆడ, మగ తేడా ఇక్కడే బాగా బయటపడుతుంది. 2011లో దేశంలోని మగ శ్రామికులు 33.19 కోట్లు. అందులో 27.31 కోట్లు, అంటే 82 శాతం, ప్రధాన శ్రామికులు. ఆడ శ్రామికులు 14.99 కోట్లయితే ప్రధాన శ్రామికులు 8.93 కోట్లే, 60 శాతానికి కాస్త తక్కువ. పని చేసే ప్రతి పది మంది ఆడవాళ్లలో నలుగురు ఉపాంత శ్రామికులన్నమాట. దేశం మొత్తం మీద మగవారి సంఖ్య శ్రామికుల్లో రెట్టింపుకు పైగా ఉన్నా, ఉపాంత శ్రామికుల్లో మాత్రం ఆడవాళ్లే ఎక్కువ: 6 కోట్లకు పైన. కాబట్టి ఒక జిల్లాలో ఉపాంత శ్రామికుల వాటా పెద్దదిగా కనిపిస్తే, మొదట చూడవలసింది ఆ జిల్లా పల్లెల్లోని ఆడవారి గడిని.

రేటును విడగొట్టి చదవకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో చూపడానికి హిమాచల్ ప్రదేశ్‌ను మించిన ఉదాహరణ లేదు. 2011లో రాష్ట్రాలన్నిటిలో పని భాగస్వామ్య రేటు అత్యధికంగా ఉన్నది అక్కడే, 51.9 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే ఐదు పాయింట్లకు పైగా ఎక్కువ. హిమాచల్ జనాభా 68.65 లక్షలు, శ్రామికులు 35.59 లక్షలు. వారిలో ప్రధాన శ్రామికులు 20.63 లక్షలు, ఉపాంత శ్రామికులు 14.97 లక్షలు. ప్రధాన శ్రామికులను మాత్రమే జనాభాతో భాగిస్తే 30 శాతం వస్తుంది. ఇప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్క: జనాభా 8.46 కోట్లు, శ్రామికులు 3.94 కోట్లు, వారిలో ప్రధాన శ్రామికులు 3.30 కోట్లు. ప్రధాన శ్రామికుల రేటు 39 శాతం. మొత్తం రేటులో వెనుకబడిన రాష్ట్రం, ప్రధాన శ్రామికుల రేటులో తొమ్మిది పాయింట్లు ముందుంది. హిమాచల్‌లో ప్రతి వంద మంది శ్రామికుల్లో 42 మంది ఉపాంత శ్రామికులైతే, ఉమ్మడి ఆంధ్రలో 16 మందే. కొండ వాలుల్లో చిన్న కమతాలు, చలికాలమంతా ఆగిపోయే సాగు, ఇంటిల్లిపాదీ పొలంలో దిగే అలవాటు ఉన్నచోట ఎక్కువ మంది కొద్ది రోజుల చొప్పున పని చేస్తారు. వరి, పత్తి, మిరప కూలి మీద, పట్నపు ఉద్యోగాల మీద నడిచే చోట తక్కువ మంది ఎక్కువ రోజులు చేస్తారు. రెండూ పనే. కానీ ఒకే సంఖ్యతో కొలిచి ఫలానాచోట పని ఎక్కువ అనడం కుదరదు.

జిల్లా స్థాయిలోనూ ఇదే పద్ధతి. మొత్తం రేటు పక్కన ప్రధాన శ్రామికుల రేటునూ, వంద మంది శ్రామికుల్లో ఉపాంత శ్రామికులెందరో ఆ సంఖ్యనూ రాసుకోవాలి. ఆ మూడింటినీ మగవారికీ ఆడవారికీ వేరుగా, పల్లెకూ పట్నానికీ వేరుగా చూడాలి. పల్లె, పట్నం విడదీయడం ఎందుకంటే, 2011లో మగవారి రేటు పల్లెల్లో 53, పట్టణాల్లో 53.8 శాతం, దాదాపు సమానం. ఆడవారి రేటు మాత్రం పల్లెల్లో 30, పట్టణాల్లో 15.4 శాతం. పట్నం చేరిన కుటుంబంలో మగమనిషికి వేరే పని దొరుకుతుంది. ఆడమనిషికి అంతవరకు ఉన్న పొలం, గేదె పోతాయి, వాటికి బదులుగా ఏదీ దొరక్కపోవచ్చు. అందువల్ల పట్టణ జనాభా ఎక్కువ ఉన్న జిల్లాకు రేటు దానంతటదే తగ్గుతుంది. హైదరాబాద్ లాంటి పూర్తి నగర జిల్లాను ఏ వ్యవసాయ జిల్లాతోనో మొత్తం రేటు మీద పోల్చి, నగరంలో పనులు తక్కువ అనుకోవడం అర్థం లేని పని.

భాగించే సంఖ్యలో ఇంకో మెలిక ఉంది. జనగణన రేటు మొత్తం జనాభా మీద వేస్తారు. పసిపిల్లలూ బడి పిల్లలూ వృద్ధులూ అందరూ కింద ఉంటారు. అందుకని పిల్లలు ఎక్కువగా ఉన్న జిల్లాకు రేటు తగ్గుతుంది. దీన్ని లెక్కతో చూడడానికి రెండు ఊహా జిల్లాలు తీసుకోవచ్చు. రెండింటిలోనూ 15 ఏళ్లు నిండినవారిలో సరిగ్గా 60 శాతం మంది పని చేస్తున్నారు, అంతకు తక్కువ వయసువారు ఎవరూ చేయడం లేదు అనుకుందాం. మొదటి జిల్లాలో 15 ఏళ్ల లోపువారు జనాభాలో 22 శాతం, రెండోదానిలో 34 శాతం. మొదటి జిల్లా రేటు 78లో 60 శాతం, అంటే 46.8. రెండో జిల్లాది 66లో 60 శాతం, 39.6. పెద్దవాళ్ల పనిలో వెంట్రుకవాసి తేడా లేకపోయినా ఏడు పాయింట్ల ఎడం వచ్చింది.

ప్రాథమిక సారాంశ పట్టికలో వయసుల వారీ వివరం ఉండదు, కానీ ఆరేళ్ల లోపు పిల్లల సంఖ్య `P_06` అనే గడిలో ఉంటుంది. దాన్ని జనాభాలోంచి తీసేసి భాగిస్తే పిల్లల ప్రభావం కొంతైనా తగ్గుతుంది. ఉమ్మడి ఆంధ్రలో ఆరేళ్ల లోపు పిల్లలు 10.8 శాతం, దేశంలో 13.6 శాతం. వారిని తీసేస్తే రేట్లు 52.3, 46గా మారతాయి. అసలు ఎడం 6.8 పాయింట్లు ఉండగా ఇప్పుడు 6.2. అంటే ఉమ్మడి ఆంధ్ర దేశం కంటే ముందుండడానికి పిల్లల సంఖ్య తక్కువ కావడం చిన్న కారణం మాత్రమే. పల్లెల్లో ఆడవాళ్లు పొలం పనికి పెద్ద ఎత్తున వెళ్లడమే అసలు కారణం. రాష్ట్రం మొత్తం మీద ఆడవారి రేటు దేశంలో 25.5 శాతం ఉంటే, ఇక్కడ 36.2.

వయసు వివరం పూర్తిగా కావాలంటే బి-వరుస పట్టికలకు వెళ్లాలి. వాటిలో మొదటిది, బి-1, జిల్లా వారీగా ప్రధాన, ఉపాంత, శ్రామికేతర గుంపులను వయసు, లింగం ప్రకారం ఇస్తుంది. ఇది చూడడం అవసరం, ఎందుకంటే జనగణనకు పనిలో కింది వయసు హద్దు లేదు. పనిలో ఉన్న పిల్లవాడు కూడా రేటును పెంచుతాడు. 2011లో 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కోటి మందికి పైగా శ్రామికులుగా నమోదయ్యారు, వారిలో 43.5 లక్షల మంది ప్రధాన శ్రామికులు. బడిలో ఉండాల్సిన పిల్లల చాకిరీతో పెరిగిన రేటును ఏ జిల్లా కూడా ఘనతగా చెప్పుకోకూడదు. బడి ఈడు పిల్లలు పనిలోంచి బడికి మళ్లితే జిల్లా రేటు తగ్గుతుంది. ఆ తగ్గుదల మంచి వార్త.

కేంద్ర గణాంక శాఖ 2017-18 నుంచి నడుపుతున్న శ్రామిక శక్తి సర్వేలో కూడా ఇలాంటి రేట్లు ఉంటాయి. పత్రికల్లో ఎక్కువగా వచ్చేది 15 ఏళ్లు నిండినవారి మీద వేసిన రేటు. ఆ సర్వేలో ఏడాదిలో 30 రోజులు అనుబంధ పని చేసినా లెక్కకు వస్తుంది. కింద పెట్టే సంఖ్య వేరు, పనిని గుర్తించే గీత వేరు. రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, జనగణనకూ సర్వేకూ మధ్య పని పెరిగిందనో తగ్గిందనో చెప్పడం తరచూ కనిపించే తప్పు.

శ్రామికేతరుల గడిని నిరుద్యోగుల గడిగా చదవడం అంతకంటే పెద్ద తప్పు. 2011లో దేశంలో శ్రామికేతరులు 72.9 కోట్లు, జనాభాలో 60 శాతం. వీరిలో ఎక్కువ మంది పిల్లలు, విద్యార్థులు, ఇంటి పనుల్లో ఉన్న ఆడవాళ్లు, ఎవరో ఒకరి మీద ఆధారపడిన వృద్ధులు. పెన్షన్ మీద, అద్దెల మీద బతికేవారూ, భిక్షాటన చేసేవారూ ఇందులోనే ఉంటారు. పని కోసం వెతుకుతున్నారా, దొరికితే చేస్తారా అనే ప్రశ్నను శ్రామికేతరులనూ ఉపాంత శ్రామికులనూ విడిగా అడుగుతారు, ఆ జవాబులు కూడా బి-1 పట్టికలోనే ఉంటాయి. ఉపాంత శ్రామికులను కూడా ఈ ప్రశ్న అడగడం చాలా సరైన పని. ఏడాదిలో 100 రోజుల ఉపాధి హామీ పని తప్ప మరేమీ దొరకని కూలీ పట్టికలో శ్రామికుడే, కానీ మిగతా 265 రోజులు ఆయన ఎదురుచూసేది పని కోసమే. జిల్లాలో పని కరువు ఎంత ఉందో తెలియాలంటే శ్రామికేతరుల మొత్తం సంఖ్య పనికిరాదు. పని వెతుకుతున్న ఉపాంత శ్రామికులు, పని వెతుకుతున్న శ్రామికేతరులు, ఈ రెండు గడులనే చూడాలి.

శ్రామికులు ఏ పనుల్లో ఉన్నారో చెప్పే నాలుగు గుంపులు, సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమవారు, ఇతరులు, జిల్లా రేటుకు కారణం వెతకడానికి తోడ్పడతాయి. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు గృహ పరిశ్రమ గుంపులో కనిపిస్తారు. నాట్లూ కోతలూ అయిపోయాక కూడా ఆ పని సాగుతుంది. అలాంటి పని ఊళ్లో ఉంటే ఉపాంతంగా మిగిలిపోయే ఆడవాళ్లు ప్రధాన శ్రామికుల్లోకి వెళ్లే వీలుంటుంది. ఈ నాలుగు గుంపులనూ కూడా ప్రధాన, ఉపాంత శ్రామికులకు వేరువేరుగా ఇస్తారు. ఉపాంత శ్రామికుల్లో వ్యవసాయ కూలీలే ఎక్కువగా ఉంటే, ఆ జిల్లాలో పని రోజులు పంట మీద, వాన మీద ఆధారపడ్డాయని అర్థం. అలాంటి జిల్లాలో ఒక్క ఏడాది కరవు వచ్చినా చాలామంది 183 రోజుల గీతకు పైనుంచి కిందికి జారతారు. మొత్తం రేటులో మాత్రం ఆ దెబ్బ కనిపించదు. వారు అప్పటికీ శ్రామికులే కదా.

లెక్క జరిగిన నెల కూడా జిల్లా బొమ్మను మారుస్తుంది. 2011 గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది. ఆ రోజులన్నీ ఇంటికి దూరంగా ఉన్నవారిని ఎక్కడ దొరికితే అక్కడే లెక్కించారు. ఫిబ్రవరి ఇటుక బట్టీల కాలం. ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు తెలంగాణలోని బట్టీలకు వస్తాయి. పాలమూరు నుంచి కూలీలు మట్టి పనులకూ నిర్మాణ పనులకూ దూర ప్రాంతాలకు వెళ్తారు. ఇలా వెళ్లినవారిలో పనిచేసే వయసువారే ఎక్కువ, ఇంటి దగ్గర మిగిలేది వృద్ధులూ పిల్లలూ. కాబట్టి వలస పంపే జిల్లాకు రేటు తగ్గినట్టూ, అందుకునే జిల్లాకు పెరిగినట్టూ కనిపించవచ్చు. దీన్ని పట్టుకోవాలంటే మండలాల స్థాయికి దిగి, వలసకు పేరుపడ్డ మండలాల్లో ఆరేళ్ల లోపు పిల్లల శాతం, మగవారి సంఖ్య, శ్రామికుల రేటు మూడూ కలిపి చూడాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఈ పట్టికలు తెరిచేవారికి మరో పని తప్పదు. 2011 లెక్కలు పాత జిల్లాలవి. అప్పుడు తెలంగాణ ప్రాంతంలో 10 జిల్లాలు, ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. కొత్త జిల్లాకు 2011 రేటు కావాలంటే జిల్లా జనగణన దర్శిని రెండో సంపుటంలో ఊరూరికీ ఇచ్చిన సారాంశం తీసుకుని, ఆ జిల్లాలోకి వచ్చిన మండలాలను ఏరి కూర్చుకోవాలి. కొన్ని మండలాలు కూడా చీలిపోయాయి కనుక అలాంటిచోట గ్రామాల స్థాయికి దిగాలి. ఇక్కడ చాలామంది మండలాల రేట్లకు సగటు తీసేస్తారు. మూడు లక్షల జనాభా ఉన్న పట్టణ మండలంలో రేటు 36, యాభై వేల జనాభా ఉన్న పల్లె మండలంలో 54 అనుకుంటే, సగటు 45 వస్తుంది. సరైన లెక్కలో మొదటి మండలం శ్రామికులు 1,08,000, రెండోదానివారు 27,000, మొత్తం 1,35,000. దీన్ని 3,50,000తో భాగిస్తే 38.6. ఆరు పాయింట్లకు పైగా తేడా. మనుషుల సంఖ్యలను కలిపి, ఆఖరున ఒక్కసారే భాగించాలి. ప్రధాన, ఉపాంత, ఆడ, మగ గడులన్నిటికీ ఇదే పద్ధతి. తర్వాతి జనగణనకు ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ లెక్కలు కొత్త జిల్లాల వారీగా వస్తాయి కాబట్టి, వాటి పక్కన పెట్టడానికి 2011 అంకెలను ఇలా మండలాల నుంచి కూడదీసి సిద్ధం చేసుకోవాలి.